సాయంత్రానికి కడుపు ఉబ్బిపోతోంది, ఇది గ్యాసేనా?

ప్రశ్న: నా వయసు 51. షుగర్ వచ్చి ఆరేళ్లయింది, బీపీకి రోజూ ఒక మాత్ర వేసుకుంటాను. పదహారు రోజులుగా ఏం తిన్నా కడుపు ఉబ్బిపోతోంది. పొద్దున బాగానే ఉంటుంది కానీ సాయంత్రమయ్యేసరికి పావడా బొందు వదులు చేసుకోవాల్సి వస్తోంది. రాత్రి రెండు చపాతీలు తినగానే పొట్ట డోలులా బిగుసుకుంటుంది. తేన్పులు, కింద నుంచి గ్యాస్. నలుగురిలో కూర్చోలేకపోతున్నాను. మెడికల్ షాపులో గ్యాస్ మాత్రలిచ్చారు, పరగడుపున వేసుకుంటున్నాను. రాత్రి సోడా పొడి ప్యాకెట్ నీళ్లలో కలుపుకొని తాగితే పెద్ద తేన్పు వచ్చి పది నిమిషాలు హాయిగా ఉంటుంది, తర్వాత మళ్లీ మామూలే. మూడు వారాల క్రితం షుగర్ ఎక్కువగా ఉందని డాక్టర్ మాత్ర మార్చారు. అప్పుడే పక్కింటావిడ చెబితే పొద్దున టిఫిన్ బదులు కప్పు మొలకలు, రాత్రి అన్నం బదులు చపాతీ మొదలుపెట్టాను. ఈమధ్య ఆకలి కూడా కాస్త తగ్గినట్టుంది. మావారు "చపాతీ నీకు పడట్లేదు, అంతే" అంటారు. ఆడపడుచు మాత్రం ఎండోస్కోపీ, స్కాన్ అన్నీ చేయించుకోమంటోంది. గర్భసంచి నా 39వ ఏటే తీసేశారు కాబట్టి ఆడవాళ్ల జబ్బులతో నాకు భయం లేదు కదా? అసలు నేను ఏం మానేయాలి?
– ఒక పాఠకురాలు, కాకినాడ

సమాధానం: ఏం మానేయాలో తర్వాత చెబుతాను. ముందు లేచి వెళ్లి మీ షుగర్ మాత్రల స్ట్రిప్ తీసుకురండి. వెనకవైపు చిన్న అక్షరాల్లో మందుల పేర్లుంటాయి. వాటిలో మెట్‌ఫార్మిన్, వాగ్లిబోజ్, అకార్బోజ్ అనే మాటలు ఉన్నాయేమో చూడండి. గ్లిమెపిరైడ్ అని ఉంటే అది కూడా ఒక కాగితం మీద రాసుకోండి, దాని సంగతి చివర్లో వస్తుంది. మన దగ్గర మూడు మందులు కలిపిన మాత్రలు చాలామంది వాడుతుంటారు. ఒక్క మాత్రే కదా అనుకుంటాం కానీ లోపల ముగ్గురు కూర్చుని ఉంటారు.

వాగ్లిబోజ్ గానీ, దాని అన్నలాంటి అకార్బోజ్ గానీ ఉంటే మీ కథలో సగం అక్కడే తేలిపోవచ్చు. ఈ మందు చేసే పనే అన్నం, చపాతీ, ఇడ్లీల్లోని పిండిపదార్థం చిన్నపేగులో త్వరగా అరగకుండా ఆపడం. అలా ఆపితే తిన్న వెంటనే షుగర్ ఎగబాకదు. మరి అరగకుండా మిగిలిన పిండి ఎక్కడికి పోతుంది? పెద్దపేగులోకి జారుతుంది. అక్కడ కోట్ల కొద్దీ బాక్టీరియా కాచుకుని ఉంటాయి. ఇడ్లీపిండి రాత్రికి రాత్రి పులిసి గిన్నె మూతను పైకి లేపినట్టే, అవి ఆ పిండిని పులియబెట్టి గ్యాస్ తయారుచేస్తాయి. అంటే మందు పనిచేస్తోందనడానికి ఈ ఉబ్బరం ఒక గుర్తు కూడా. చాలామందికి కొన్ని వారాల్లో పేగులు అలవాటుపడి ఇది తగ్గుతుంది. మెట్‌ఫార్మిన్ దారి వేరు గానీ, కొత్తగా మొదలుపెట్టినప్పుడో డోసు పెంచినప్పుడో అది కూడా ఉబ్బరం, వికారం, విరేచనాలు, ఆకలి తగ్గడం తెస్తుంది. దాన్నే నెమ్మదిగా విడుదలయ్యే రకంలో ఇస్తే ఈ బాధ తక్కువగా ఉంటుంది.

ఇలాంటి మాత్ర మొదలైన రోజుల్లోనే మీరు కప్పు మొలకలు కూడా మొదలుపెట్టారు. గింజ మొలకెత్తితే గ్యాస్ చేసే చక్కెరలు కొంత తగ్గే మాట నిజమే. కానీ పచ్చి మొలకల్లో పీచు, అరగని పిండి ఇంకా బాగానే ఉంటాయి. అలవాటు లేని పొట్టకు ఒక్కసారిగా కప్పు నిండా ఇచ్చి, పైన పిండిని అరగనివ్వని మాత్ర కూడా వేస్తే సాయంత్రానికి బొందు బిగుసుకోవడంలో వింతేమీ లేదు. అయితే ఇది నా ఊహే. రుజువు మీ దగ్గర నుంచే రావాలి. అందుకే ఒక నోట్‌బుక్ పెట్టమంటున్నాను.

నోట్‌బుక్ గురించి చెప్పే ముందు, మీవారు చపాతీని ఎందుకు పట్టుకున్నారో చూద్దాం. చపాతీ తిన్న పది నిమిషాల్లో పొట్ట బిగుసుకుంటోంది కాబట్టి తప్పు చపాతీదే అనిపిస్తుంది. కానీ పది నిమిషాల్లో ఆ చపాతీ ఇంకా జీర్ణాశయం దాటి ఉండదు. గ్యాస్ తయారయ్యేది పెద్దపేగులో. తిన్నది అక్కడికి చేరడానికి మూడు నాలుగు గంటలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. మరి తినగానే ఎందుకు ఉబ్బుతుంది? జీర్ణాశయంలో కొత్త భోజనం పడగానే కింద పేగులకు కబురు వెళుతుంది. మధ్యాహ్నం తిన్నది చిన్నపేగు చివర నిలబడి ఉంటే, ఈ కబురుతో అది పెద్దపేగులోకి కదులుతుంది. అక్కడున్న బాక్టీరియాకు అప్పుడే పండగ. అంటే రాత్రి చపాతీ తలుపు మాత్రమే తట్టింది, లోపలికి వచ్చిన చుట్టం మధ్యాహ్నం భోజనం. తినగానే వచ్చే తేన్పులు మాత్రం వేరే లెక్క. అవి చాలావరకు మనం గబగబా తింటూ, మాట్లాడుతూ మింగిన గాలే.

నా దగ్గరికి వచ్చిన ఒక రిటైర్డ్ టీచర్ గారికీ ఇదే అనుమానం ఉండేది. ఆయన నోట్‌బుక్‌లో ఒక పేజీ ఇలా ఉంది. పక్కనున్న అంకె ఉబ్బరానికి పదికి ఆయన వేసుకున్న మార్కులు.

ఉదయం 6:00 – దొడ్డికి వెళ్లొచ్చాక టేపు 88 సెం.మీ.
7:30 – ఇడ్లీ 3, కొబ్బరి పచ్చడి – 0
11:00 – టీ – 1
మధ్యాహ్నం 1:15 – అన్నం, అలసందల కూర పెద్ద గరిటెతో రెండు, చారు, మజ్జిగ – 2
సాయంత్రం 4:30 – టీ, బిస్కెట్లు 2 – 5
6:00 – టేపు 92
రాత్రి 8:15 – చపాతీ 2, బెండకాయ కూర – 8. "చపాతీ పడట్లేదు!"

ఆశ్చర్యార్థకం ఆయనే పెట్టారు. కానీ ఆ పేజీని కింద నుంచి పైకి చదివితే వేరే సంగతి కనిపిస్తుంది. చపాతీ ప్లేటులోకి రాకముందే, నాలుగున్నరకే మార్కు ఐదుకు చేరింది. ఆరింటికే నడుము నాలుగు సెంటీమీటర్లు పెరిగింది. మూడు రోజులు చపాతీ మానేసి రాత్రి ఇడ్లీ తినమన్నాను. మార్కు ఎనిమిదే. తర్వాత చపాతీ మళ్లీ పెట్టి మధ్యాహ్నం అలసందలు, శనగలు తీసేసి బీరకాయ, సొరకాయ కూరలకు మారమన్నాను. మార్కు మూడుకు దిగింది. ఆయన వదల్లేదు, వారం తర్వాత అలసందలను రాత్రంతా నానబెట్టించి, ఆ నీళ్లు పారబోయించి, మెత్తగా ఉడికించి చిన్న కప్పే తిన్నారు. మార్కు నాలుగు. "నాలుగుకు నేను సర్దుకుపోతానండీ" అన్నారు. అలసందలంటే అంత ఇష్టం మరి. నానబెట్టిన నీళ్లు పారబోస్తే గ్యాస్ చేసే చక్కెరలు కొన్ని ఆ నీళ్లతోనే పోతాయి. మన పెద్దవాళ్లు చేసిన పనే అది, ప్రెషర్ కుక్కర్ వచ్చాక తొందరలో వదిలేశాం.

ఇక మీ నోట్‌బుక్. మొదటి నాలుగు రోజులు తిండిలో ఏమీ మార్చకండి, రాయడమే పని. తిన్న టైము, ఎంత తిన్నారో గరిటెల్లో, కప్పుల్లో రాయండి. "కూర" అని వదిలేయకుండా ఏ కూరో, ఉల్లిపాయ వెల్లుల్లి ఎంత పడ్డాయో రాయండి, ఎందుకంటే ఆ రెండూ చాలామంది పొట్టల్లో గట్టిగానే పులుస్తాయి. టీ, పాలు, మజ్జిగ మర్చిపోవద్దు. పాలల్లోని చక్కెర అరిగే శక్తి మన ప్రాంతంలో పెద్దయ్యాక చాలామందికి తగ్గిపోతుంది. పెరుగు పడేవాళ్లకు కూడా రాత్రి గ్లాసుడు పాలు పడకపోవచ్చు. నోట్లో వేసుకునే షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్, షుగర్‌ఫ్రీ స్వీట్లు కూడా రాయండి. వాటిలో తీపి కోసం వేసే సార్బిటాల్, మాల్టిటాల్ లాంటివి పేగులో సరిగా ఇంకవు, గ్యాస్ చేస్తాయి. షుగర్ ఉన్నవాళ్లే వాటిని ఎక్కువ కొంటారు. ప్రతి మాత్రా ఏ టైముకు వేసుకున్నారో ఒక వరసలో రాయండి. విరేచనం అయిందా, గట్టిగానా వదులుగానా అన్నది ఒక్క ముక్కలో చాలు. మలబద్ధకం ఉంటే ఏ ఆహారం మార్చినా ఉబ్బరం వదలదు.

టేపు మాత్రం తప్పకుండా వాడండి. టైలర్ టేపు ఇంట్లో ఉంటుంది కదా. పొద్దున దొడ్డికి వెళ్లొచ్చాక ఒకసారి, రాత్రి భోజనానికి ముందు ఒకసారి, బొడ్డు మీదుగా, ఊపిరి మామూలుగా వదిలేసి కొలవండి. ఒకటి రెండు సెంటీమీటర్ల తేడా లెక్కలోకి రాదు. చూడాల్సింది పొద్దున కొలత. గ్యాస్ ఉబ్బరం రాత్రికి పెరిగి తెల్లారేసరికి దిగిపోతుంది. పొద్దున కొలతే వారం వారం పెరుగుతూ పోతుంటే అది గ్యాస్ కాదు, పొట్టలో నీరో గడ్డో చూడాలి. మీరు "పొద్దున బాగానే ఉంటుంది" అని రాశారు, ఆ మాట నాకు కొంత ధైర్యం ఇచ్చింది. టేపు కూడా అదే చెబితే ఇంకా మంచిది. వారానికి ఒకసారి బరువు కూడా చూసుకోండి. మీ ఉత్తరంలో బరువు మాటే లేదు. ఈ పదహారు రోజుల్లో ఎన్ని కిలోలు తగ్గారు, లేదా తగ్గలేదు అన్నది నేనైతే మొదట అడిగే ప్రశ్న.

ఐదో రోజు నుంచి ఒక్కొక్కటే మార్చండి. మీ విషయంలో నేను మొదట తీసేది మొలకలే. మొలకలు మొదలుపెట్టక ముందు ఏ టిఫిన్ తినేవారో దానికే, అంతే పరిమాణంలో వెనక్కి వెళ్లండి. మూడు రోజులు చూడండి. మార్కు సగానికి పడిపోతే దొంగ దొరికినట్టే. ఆ తర్వాత కావాలంటే పావు కప్పు మొలకలు ఆవిరి మీద ఉడికించుకొని వారానికి రెండుసార్లతో మళ్లీ మొదలుపెట్టవచ్చు. మార్పు లేకపోతే తర్వాతి మూడు రోజులు మధ్యాహ్నం కందిపప్పు, శనగల బదులు పెసరపప్పు పలుచగా. ఆ తర్వాత పాలు. చపాతీని చివరికి ఉంచండి. గోధుమ కూడా కొందరికి పడదు, కాబట్టి దాన్ని పూర్తిగా నిర్దోషి అనను.

అన్నీ ఒకేసారి మానేస్తే త్వరగా తేలిపోతుంది కదా అనుకోవచ్చు. నిజమే, నాలుగు రోజుల్లో పొట్ట తేలికపడుతుంది. కానీ దేనివల్ల తేలికపడిందో తెలియదు. భయంతో ఆరు నెలలు పప్పూ పాలూ ఉల్లిపాయా లేకుండా, నీరసంగా తిరిగే ఆడవాళ్లను నేను చాలామందిని చూశాను. పప్పు మానేస్తే మన భోజనంలో మాంసకృత్తులకు మిగిలేది తక్కువ. పైగా మీకు షుగర్ ఉంది. ఒక్కొక్కటే మారిస్తే రెండు వారాలు పడుతుంది గానీ, జీవితాంతం పనికొచ్చే సంగతి ఒకటి చేతికొస్తుంది.

మాత్ర సంగతి వేరు. దాన్ని మీ అంతట మీరు ఆపకండి. షుగర్ ఎక్కువగా ఉందనే కదా మార్చారు. మందు మార్చిన డాక్టర్‌కే ఫోన్ చేసి, "ఈ మాత్ర మొదలైన అయిదారు రోజుల నుంచి ఉబ్బరం, ఆకలి తగ్గింది" అని ఇదే వరసలో చెప్పండి. "గ్యాస్‌గా ఉందండీ" అని మాత్రం చెప్పకండి. అలా చెబితే ఇంకో గ్యాస్ మాత్ర రాసి పంపేస్తారు. ఆయన డోసు తగ్గించవచ్చు, నెమ్మదిగా విడుదలయ్యే రకానికి మార్చవచ్చు, వాగ్లిబోజ్ తీసేసి వేరేది ఇవ్వవచ్చు, లేదా ఇంకో రెండు వారాలు ఓర్చుకోమనవచ్చు. ఏదైనా సరే, షుగర్ చూసుకుంటూ జరగాల్సిన పని.

ఇప్పుడు మీరు వాడుతున్న రెండింటి గురించి. మెడికల్ షాపులో ఇచ్చిన గ్యాస్ మాత్ర చాలావరకు పాంటోప్రజోల్ లాంటిదే అయి ఉంటుంది. దానికి ఆ పేరు ఎవరు పెట్టారో గానీ, అది గ్యాస్‌ను ఏమీ చేయదు. జీర్ణాశయంలో ఆమ్లం తగ్గిస్తుంది. ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు ఉంటే పనికొస్తుంది. మీరు ఆ రెండూ రాయలేదు. పెద్దపేగులో పులిసే గ్యాస్‌కు దాని అవసరం లేదు. ఆమ్లం బాగా తగ్గితే చిన్నపేగులో ఉండకూడని బాక్టీరియా పెరిగి, కొందరికి ఉబ్బరం ఎక్కువయ్యే అవకాశం కూడా ఉంది. డాక్టర్ రాయకుండా నెలల తరబడి సాగదీయకండి. అయితే కీళ్ల నొప్పుల మాత్రలో, ఆస్పిరినో వాడుతూ వాటికి తోడుగా డాక్టరే ఇచ్చి ఉంటే మాత్రం అడగకుండా ఆపవద్దు.

సోడా పొడి ఇంకా విచిత్రం. నీళ్లలో వేయగానే బుసబుసమని పొంగుతుంది కదా, ఆ పొంగు కూడా గ్యాసే. ఆ పెద్ద తేన్పులో బయటికి వచ్చేది చాలావరకు మీరు అప్పుడే తాగిన గ్యాస్. పెద్దపేగులో ఇరుక్కున్నది అక్కడే ఉంటుంది. అందుకే పది నిమిషాల హాయి. మీకు బీపీ ఉంది కాబట్టి ఇంకో మాట. అలాంటి ఒక ప్యాకెట్‌లో 800 మిల్లీగ్రాముల దాకా సోడియం ఉంటుంది. పెద్దవాళ్లకు రోజు మొత్తం మీద 2,000 దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఊరగాయ తగ్గించుకుని రోజూ ఈ ప్యాకెట్ తాగితే ఏం లాభం? దీన్ని ఈరోజే ఆపేయవచ్చు.

మరి రాత్రి బిగుసుకున్నప్పుడు ఏం చేయాలి? తిన్నాక పడుకోకుండా, సోఫాలో ముడుచుకుని కూర్చోకుండా, ఇంటి ముందో డాబా మీదో పది పదిహేను నిమిషాలు నెమ్మదిగా నడవండి. వేగంగా కాదు, కబుర్లు చెప్పుకునేంత నెమ్మదిగా. నిలబడి కదులుతుంటే గ్యాస్ ముందుకు జరిగి బయటికి పోతుంది. షుగర్‌కు కూడా అది మంచిదే. బొందు వదులు చేసుకోవడం సిగ్గుపడాల్సిన పని కాదు, అదీ వైద్యమే. వాము నమిలి గోరువెచ్చని నీళ్లు తాగితే కొందరికి ఉపశమనం ఉంటుంది. చిటికెడు వాముతో నష్టం లేదు, కానీ కారణం మాత్రం అలాగే ఉంటుంది. సిమెథికోన్ అనే మందు ఉన్న మాత్రలు చిన్న బుడగల్ని కలిపి పెద్దవి చేస్తాయి, అవి తేలిగ్గా బయటికి పోతాయి. అందరికీ పనిచేయదు, పెద్దగా హాని కూడా లేదు. థైరాయిడ్ మాత్ర వాడేవాళ్లు రెంటికీ మధ్య నాలుగు గంటలు ఎడం ఉంచాలి. ఇసబ్గోల్ ఇప్పుడు మొదలుపెట్టకండి. మలబద్ధకానికి అది మంచిదే గానీ, మొదటి వారం గ్యాస్ పెరిగి మీ నోట్‌బుక్ లెక్కంతా తప్పుతుంది.

ఇప్పుడు స్కాన్ల సంగతి. మీ ఆడపడుచు మాట పూర్తిగా కొట్టిపారేయను. గర్భసంచి గురించి మీరు అడిగిన ప్రశ్న దగ్గరే నేను ఆగిపోయాను. గర్భసంచి తీసేయడం వేరు, అండాశయాలు తీసేయడం వేరు. చిన్న వయసులో ఈ ఆపరేషన్ చేసేటప్పుడు చాలాసార్లు అండాశయాలు ఒకటో రెండో ఉంచేస్తారు. వెంటనే ముట్లుడిగిన బాధలు రాకుండా ఉండటానికి ఉంచడం మంచిదే. దేశంలో ఈ ఆపరేషన్ ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మన రెండు రాష్ట్రాలూ ముందుంటాయి. అయినా తమకు ఏం తీశారో, ఏం ఉంచారో తెలిసిన ఆడవాళ్లు తక్కువ. అండాశయం ఉంటే అక్కడ గడ్డ వచ్చే అవకాశమూ ఉంటుంది. అండాశయ క్యాన్సర్ మొదట్లో చూపించే గుర్తులు దాదాపు మీరు రాసినవే: ఉబ్బరం, కొంచెం తినగానే కడుపు నిండినట్టుండటం, ఆకలి తగ్గడం, పొత్తికడుపులో నొప్పి, మాటిమాటికీ మూత్రం. భయపెట్టడానికి చెప్పట్లేదు. ఈ బాధలున్న ఆడవాళ్లలో చాలామందికి క్యాన్సర్ ఉండదు. మాత్ర, మొలకల తర్వాత మొదలై పొద్దునకు దిగిపోయే మీ ఉబ్బరం అటువైపు కన్నా ఇటువైపే ఎక్కువ మొగ్గుతోంది. కానీ 50 దాటాక కొత్తగా వచ్చి, నెలలో ఎక్కువ రోజులు ఉండే ఉబ్బరాన్ని "గ్యాసే" అని ఇంట్లో కూర్చుని తేల్చేయకూడదు. ఆ వయసులో మొదటిసారి వచ్చిందంటే ఒకసారి చూపించుకుని తీరాలి.

కాబట్టి మీ ముందు రెండు దారులున్నాయి. ఒకటి, ఈరోజే డాక్టర్‌కు ఫోన్ చేసి, పది పన్నెండు రోజులు నోట్‌బుక్ రాసి, దానితో సహా వెళ్లడం. బరువు తగ్గకుండా, పొద్దున కొలత పెరగకుండా ఉంటే ఇది సరిపోతుంది. ఇలా వెళ్తే అక్కర్లేని పరీక్షలు తగ్గుతాయి. ఆ గడువులోపు ఉబ్బరం సగానికి తగ్గకపోతే మాత్రం పొట్ట, పొత్తికడుపు రెండూ చూసే అల్ట్రాసౌండ్ స్కాన్, డాక్టర్ చెబితే సీఏ-125 అనే రక్తపరీక్ష చేయించుకోవాలి. రెండు, మనసు ఆగకపోతే స్కాన్ ఈ వారమే చేయించుకోవడం. అదీ తప్పు కాదు, మీ వయసుకు అర్థమున్న పరీక్షే. కాకపోతే ఆ స్కాన్ అండాశయాన్నీ, నీటినీ చూపిస్తుంది, మొలకల్ని చూపించదు. షుగర్ ఉన్నవాళ్ల స్కాన్‌లో "ఫ్యాటీ లివర్" అని రావడం చాలా మామూలు. దాన్ని చూసి "ఇదే గ్యాస్‌కు కారణం" అనుకుని అక్కడితో ఆగిపోతారు. నోట్‌బుక్ మానేయకుండా స్కాన్ చేయించుకుంటే నాకు అభ్యంతరం లేదు. ఎండోస్కోపీ మాత్రం ఇప్పుడే అడగకండి. అది జీర్ణాశయాన్ని, దాని కిందున్న పేగు మొదటి భాగాన్ని చూపిస్తుంది. మింగడం కష్టమవుతున్నా, వాంతులవుతున్నా, రక్తహీనత బయటపడినా డాక్టరే చేయిస్తారు. ఆకలి మందగించి, పొద్దున తిన్నది సాయంత్రం వాంతి అయితే షుగర్ వల్ల జీర్ణాశయం నెమ్మదించిందేమో కూడా చూడాలి.

ఈ రెండు దారుల్నీ పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి ఆ వారమే వెళ్లాల్సిన గుర్తులు కొన్నున్నాయి. ప్రయత్నం లేకుండా బరువు తగ్గడం, మలంలో రక్తం లేదా తారులా నల్లటి మలం (ఐరన్ మాత్రలు వేసుకున్నా నల్లగా వస్తుంది, ఆ సంగతి డాక్టర్‌కు చెప్పండి), కళ్లు పచ్చబడటం, జ్వరం, రాత్రి నిద్రలోంచి లేపే నొప్పి, పొద్దున కూడా దిగని పొట్ట. మలం తారులా నల్లగా ఉండి కళ్లు తిరుగుతుంటే వారం కాదు, అప్పుడే బయలుదేరాలి. పొట్ట రాయిలా బిగుసుకుని, వాంతులవుతూ, మలం గానీ గ్యాస్ గానీ అసలు బయటికి పోకపోయినా అంతే. కడుపు ఆపరేషన్ అయినవాళ్లకు లోపల పేగులు అతుక్కుని మెలిపడే అవకాశం ఉంటుంది. మీకు 39వ ఏట అయింది. అప్పుడు వాము నీళ్లు, నడక ఏవీ వద్దు, వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

ఇంకొకటి మీవారికి కూడా చదివి వినిపించండి. షుగర్ ఉన్నవాళ్లకు, ముఖ్యంగా ఆడవాళ్లకు, గుండెపోటు ప్రతిసారీ ఛాతీ పట్టుకుని పడిపోయేలానే రాదు. పొట్ట పైభాగంలో బరువు, తేన్పులు, వికారం, చెమటలు, ఆయాసం, దవడకో చేతికో పాకే నొప్పి, ఇలా కూడా వస్తుంది. "గ్యాస్ నొప్పి అనుకుని సోడా తాగించాం" అనే మాట అత్యవసర విభాగం గుమ్మం దగ్గర ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. ఎప్పటి ఉబ్బరంలా కాకుండా కొత్తగా, చెమటతోనో ఆయాసంతోనో వస్తే, నడిస్తే పెరుగుతుంటే, 108కి ఫోన్ చేసి ఈసీజీ తీయించండి. గుండెపోటు కాదని డాక్టర్ తేలిస్తే పోయేది కొన్ని గంటలే.

గ్లిమెపిరైడ్ రాసుకోమన్నాను కదా. మీ స్ట్రిప్ మీద ఆ పేరుంటే కడుపు ఉబ్బరంగా ఉందని మాత్ర వేసుకుని భోజనం ఎగ్గొట్టకండి. షుగర్ పడిపోతుంది. చేతులు వణికి, చెమట పట్టి, ఆకలి దంచేస్తే అదే అని అర్థం. దాంతోపాటు వాగ్లిబోజ్ కూడా ఉంటే అప్పుడు మామూలు పంచదార నోట్లో వేసుకున్నా త్వరగా పనిచేయదు. ఆ మందు పంచదారను కూడా అరగకుండా ఆపుతుంది. గ్లూకోజ్ పొడి మూడు టీస్పూన్లు నీళ్లలో కలిపి తాగాలి. అందుకే ఒక గ్లూకోజ్ ప్యాకెట్ కొని వంటింట్లో అందరికీ కనిపించేచోట పెట్టి, అదెందుకో ఇంట్లో వాళ్లందరికీ చెప్పండి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు నోట్‌బుక్, మాత్రల స్ట్రిప్పులు, 39వ ఏట ఆపరేషన్ తాలూకు డిశ్చార్జి కాగితం మూడూ పట్టుకెళ్లండి. ఆ కాగితం బీరువాలో పాత చీరల కింద ఎక్కడో ఉంటుంది, వెతకండి. దొరక్కపోతే స్కాన్ చేసే డాక్టర్‌తో బల్ల మీద పడుకోకముందే, "గర్భసంచి తీశారు, అండాశయాలు ఉన్నాయో లేదో తెలియదు, అవే చూసి చెప్పండి" అని అడగండి.